జవాబులో దొర్లిన మాటలు

ఆగిపోయిన స్కాలర్‌షిప్ మీద మా డిగ్రీ పిల్లలు సమాచార హక్కు దరఖాస్తు పెట్టారు. ఎందుకు ఆగిందని అడిగి, చివర్లో ఒక వాక్యం చేర్చారు: ‘జవాబు తెలుగులోనే ఇవ్వాలి, ఇంగ్లిషు కలపొద్దు.’

జవాబొచ్చింది. తెలుగే. కానీ మధ్యలో బ్యాంకు, ఆధార్, ఆఖర్న ‘బిల్లు ట్రెజరీ నుంచి అబ్జెక్షన్‌తో రిటర్న్ అయినది’. ఇంగ్లిషు కలిపారని అప్పీలుకు పోదామన్నాడొక తమ్ముడు.

ఆగమన్నాను. బ్యాంకు, ఆధార్ మా అమ్మక్కూడా తెలుసు. అదే ‘ఉపకార వేతనము అపరిష్కృతముగా నున్నది’ అని వచ్చుంటే? ఒక్క ఇంగ్లిషు ముక్క లేదు, మా వాడలో ఒక్కరికీ అర్థం కాదు. మనకు అదీ పరాయి భాషే.

పట్టుకోవాల్సింది ‘అబ్జెక్షన్’ని. దాన్ని ‘అభ్యంతరం’ అని మార్చినా ఏం తెలుస్తుంది? ఏ అభ్యంతరం, ఏ తేదీన, సరిచేయాల్సిందెవరు? అడిగిన ‘ఎందుకు’కి జవాబే రాలేదు. అందుకని భాష మీద కాదు, అసంపూర్తి సమాచారం మీద అప్పీలు రాశాం. జవాబు అందిన 30 రోజుల్లో, ఆ అధికారికి పైఅధికారికి. ట్రెజరీ తిప్పిపంపిన కాగితం నకలు కూడా అడిగాం. అది ఇంగ్లిషులోనే రావచ్చు. దరఖాస్తు తెలుగులో పెట్టుకోవచ్చని 2005 చట్టం 6వ సెక్షన్ చెప్పింది గానీ, ఫైల్లో కాగితాన్ని అనువదించి ఇమ్మని చెప్పలేదు.

చివరి వాక్యమూ మార్చాం: ‘వాడుక తెలుగులో ఇవ్వండి. పేర్లు, నంబర్లు ఉన్నవున్నట్టే ఉంచండి. ఆఫీసు మాట వాడక తప్పకపోతే, దాని అర్థం పక్కనే రాయండి.’