అత్తయ్యగారి కాగితం మీద గీతలు

మా మామయ్యగారు బందరు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో 22 ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశారు. ఆయన పోయాక, పెన్షన్ డబ్బుల్లో మిగిల్చిన దానికి మరికాస్త కలిపి, ఆయన పేరున ఆ బడికి ఒక గది కట్టించాలన్నది అత్తయ్యగారి కోరిక. గది పూర్తయింది. ప్రారంభానికి వారం రోజులుందనగా హెడ్మాస్టరుగారు ఫోన్ చేసి, "అమ్మగారు నాలుగు మాటలు మాట్లాడాలి" అన్నారు.

అత్తయ్యగారికి 71 ఏళ్లు. ఐదో తరగతి దాకా చదువుకున్నారు, వారపత్రికలు అక్షరం వదలకుండా చదువుతారు. కానీ మైకు ముందు నిలబడటం మాత్రం ఇంతవరకూ లేదు. "నావల్ల కాదే అమ్మాయ్, మీ ఆయన్ని మాట్లాడమను" అన్నారు. అంటూనే, "ఏం రాయిస్తావు?" అని కూడా అడిగారు. ఆ రెండో మాట నాకు చాలు.

మా వారు రాత్రి కూర్చుని ఒక పేజీ రాసిచ్చారు. "కీర్తిశేషులైన మా వారి స్మృత్యర్థం..." అని మొదలైంది. అత్తయ్యగారు చదివితే నిమిషం తిరక్కుండానే పేజీ అయిపోయింది. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. చివరి మాటకి ముఖం ఎర్రబడి, కుర్చీలో కూలబడ్డారు.

అప్పుడు అర్థమైంది, ముందు చూడాల్సింది కాగితం కాదు, ఊపిరి అని. మర్నాడు వంటింట్లో ఆవిడ బీన్సు వలుస్తుంటే, "అత్తయ్యా, మామయ్యగారు బడికెళ్లే రోజుల్లో ఎలా ఉండేదో చెప్పండి" అని ఫోన్లో రికార్డు పెట్టాను. పది నిమిషాలు చెప్పారు. దాన్ని రెండుసార్లు విని, ఆవిడ ఊపిరి తీసుకున్న చోటల్లా ఒక గీత పెట్టుకున్నాను. కొద్ది మాటలకొకసారి తీసుకుంటున్నారు. తీరిగ్గా కూర్చుని చెప్తుంటేనే అంత. భయంతో నిలబడితే ఇంకా తొందరగా అయిపోతుంది. అందుకని కొద్ది మాటలకే ఊపిరి అందేట్టు రాయాలనుకున్నాను. ఆవిడ మాటల్లోంచే ఒకటిన్నర పేజీ తయారైంది.

డిగ్రీలో ఛందస్సు చదివినప్పుడు, సంస్కృతంలో యతి అంటే ఆగే చోటనీ, మన తెలుగులో మాత్రం అక్షరాల మైత్రి అనీ చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయాను. అత్తయ్యగారి కాగితం ముందు కూర్చున్నప్పుడు నాకు కావలసింది ఆ మొదటి యతే.

ఒక వాక్యం చెప్తాను. ఆవిడ మాట ఇది: "రోజూ పొద్దున్నే అన్నం వండి క్యారేజీ కట్టి ఇస్తే సైకిలు మీద ఏడు మైళ్లు తొక్కుకుంటూ ఈ బడికొచ్చి సాయంత్రం దాకా తిండి మాట తలుచుకునేవారు కాదు."

మొదటిసారి గీతలు లేకుండా చదివితే "తలుచుకునేవారు" దగ్గరికి వచ్చేసరికి గొంతు నూతిలో పడింది. "కాదు" వినపడనే లేదు. అంటే వెనక కూర్చున్నవాళ్లకి మామయ్యగారు సాయంత్రం దాకా తిండి గురించే ఆలోచించేవారన్నమాట! మన భాషలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో తేలేదీ అక్కడే. ఊపిరి అయిపోయేదీ అక్కడే. అందుకని వాక్యం అయ్యాక ఊపిరి తీసుకుంటే సరిపోదు, చివరి ముక్క మొదలుపెట్టే ముందే తీసుకోవాలి. దాన్ని ఇలా రాశాను:

రోజూ పొద్దున్నే అన్నం వండి /
క్యారేజీ కట్టి ఇస్తే //
సైకిలు మీద ఏడు మైళ్లు తొక్కుకుంటూ /
ఈ బడికి వచ్చి //
సాయంత్రం దాకా /
తిండి మాట తలుచుకునేవారు కాదు. //

ఒక గీత అంటే ఊరికే ఆగడం, ఊపిరి తీసుకోనక్కర్లేదు. రెండు గీతలంటే ఊపిరి. వాక్యం మధ్యలో ఆగినప్పుడు గొంతు దించకూడదు, ఇంకా ఉందని వినేవాళ్లకి తెలియాలి. గీతలు పెట్టడానికి అనువైన చోట్లు మన వాక్యంలోనే ఉన్నాయి. వండి, వచ్చి, ఇస్తే, తొక్కుకుంటూ, అని... ఇలాంటి మాటల తర్వాత ఆగితే అతకనట్టు ఉండదు. "ఏడు" అని ఆగి "మైళ్లు" అంటే మాత్రం ఎబ్బెట్టు. "తలుచుకునేవారు" అని ఆగి "కాదు" అంటే మరీ ప్రమాదం.

ఇంకొకటి గమనించారా? "బడికొచ్చి"ని "బడికి వచ్చి" అని విడదీశాను. ఆగాల్సిన చోటికి దగ్గర్లో సంధి ఉంటే నోరు ఆగనివ్వదు, జారిపోతుంది. ఎక్కడ కాస్త నిదానం కావాలో అక్కడ సంధి విడదీసి రాస్తే, చెప్పకుండానే నిదానం వస్తుంది. అంకెలూ అంతే. 22 అని రాస్తే ఆవిడ ఒక క్షణం తడుముకున్నారు. "ఇరవై రెండేళ్లు" అని అక్షరాల్లో రాస్తే తడుముకోలేదు.

ఇక ఒత్తి పలకాల్సిన మాటలు. ఇక్కడ నేను తెలివితక్కువ పని చేశాను. ఆగడానికి నీలం, ఊపిరికి ఎరుపు, ఒత్తడానికి ఆకుపచ్చ అని మా అబ్బాయి స్కెచ్ పెన్నులు తీసుకుని కాగితమంతా ముగ్గు వేశాను. అత్తయ్యగారు ప్రతి గీత దగ్గరా పల్లెవెలుగు బస్సులా ఆగారు. ఆకుపచ్చ గీత కనిపించినప్పుడల్లా గట్టిగా అరిచారు, ఎవరినో కోప్పడుతున్నట్టు. పైగా ఒకచోట నేను పక్కన "ఆగాలి" అని రాస్తే అది కూడా చదివేశారు! "మా పిల్లలిద్దరూ ఈ బడిలోనే చదివారు ఆగాలి" అని. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆ కాగితం పక్కన పడేసి, మళ్లీ నల్ల స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాను. మాటలతో సూచనలేవీ లేవు. గీతలు సగం తీసేశాను, పంక్తి విరిచి రాస్తే కన్ను అక్కడ తనంతట తానే ఆగుతుంది. ఒత్తాల్సిన మాటలు పేజీ మొత్తానికి నాలుగే ఉంచాను. ఏది ఉంచాలో తేల్చుకోవడానికి ఒకే వాక్యాన్ని ఇద్దరం రకరకాలుగా చదివి చూశాం. "ఆయన ఈ బడిలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పారు." "లెక్కలు" ఒత్తితే తెలుగో ఇంగ్లీషో కాదు, లెక్కలు అన్నట్టుంది. "ఇరవై రెండేళ్లు" ఒత్తితే ఎంతకాలమో అన్నట్టుంది. అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "బదిలీ రాయించుకోమని నేనెన్నిసార్లు పోరానో! ఈ బడి వదిలి రానన్నారు" అన్నారు. అయితే ఒత్తాల్సింది "ఈ బడిలో". దాని కింద గీత గీశాను. అరవొద్దని, దానికి ముందు చిటికెడు ఆగి, ఆ మాటని కాస్త సాగదీసి అంటే చాలని చెప్పాను.

పేజీ అడుగున మూడోవంతు ఖాళీ వదిలాను, కిందిదాకా రాస్తే తల వంచాలి, మాట మైకుకి అందదు. వాక్యం ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోకుండా చూశాను. అన్నిటికన్నా పైన, మొదటి మాటకి ముందు ఒక సున్నా చుట్టాను. అంటే ముందు గాలి వదలాలి. భయపడినవాళ్లు లోపలున్న గాలి వదలకుండా దాని మీదే ఇంకా పీలుస్తారు, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ముందు వదిలేస్తే, తర్వాతది దానంతటదే కడుపులోకి వెళ్తుంది. భుజాలు లేచాయా లేదా అని నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని.

ఇలా అంతా కుదిరింది, ఒక్క చోట తప్ప. మామయ్యగారి పేరు.

49 ఏళ్ల కాపురంలో అత్తయ్యగారు ఆయన పేరు ఉచ్చరించలేదు. "ఆయన", "మాస్టారు", నాతో అయితే "మీ మామయ్యగారు". రేషను కార్డు పని మీద వెళ్తే కూడా నన్ను చెప్పమనేవారు. ఇప్పుడు గది మీద ఆ పేరు ఉంది, కాగితం మీదా ఉంది. నేను ఆ పేరుకి ముందు రెండు గీతలు పెట్టాను, గొప్పగా వినిపిస్తుందని. ఆవిడ అక్కడ ఆగారు, అంతే, గొంతు పట్టేసింది. మూడు రోజులు చూశాను, మూడు రోజులూ అదే. మనసుకి బరువైన మాట ముందు ఎక్కువసేపు ఆగితే, ఆ బరువు గొంతులోకి దిగడానికి మనమే సమయం ఇచ్చినట్టు. నాలుగో రోజు ఆ గీతలు రబ్బరుతో తుడిచేశాను. ఊపిరిని ఒక పంక్తి ముందుకి జరిపి, పేరు మీదుగా ఆగకుండా వెళ్లి, తర్వాత ఆగేలా మార్చాను. అప్పుడు బయటికి వచ్చింది, లోగొంతుకతో. "మీ మామయ్యగారు వింటే నవ్వుతారే" అన్నారు.

ఆ రోజు బడి ఆవరణలో షామియానా, పిల్లలు, ఆయన పాత విద్యార్థులు. నేను మొదటి వరసలో ఆవిడకి కనపడేలా కూర్చున్నాను. గాలి వదిలారు, భుజాలు లేవలేదు. "తలుచుకునేవారు కాదు" వెనక వరస దాకా స్పష్టంగా వినపడింది. పేరు దగ్గరికి వచ్చారు. ఆగకుండా వెళ్లాల్సిన చోట ఆగిపోయారు.

నా ప్రాణం పోయింది. లోపల లెక్క పెట్టుకుంటున్నాను, ఏడు దాకా వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. కాగితం వైపు చూడలేదు. గది మీది రాళ్ల పలక వైపు చూసి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పారు. చివర "గారు" చేర్చారు, అది నేను రాయలేదు.

ఇంటికొచ్చాక చీరలు మడతపెడుతుంటే ఆ కాగితం కనపడింది. నేను తుడిచేసిన చోట, పేరుకి ముందు, పెన్సిల్‌తో వంకరగా రెండు గీతలున్నాయి. నా గీతలు కావవి.

"మీరు పెట్టుకున్నారా అత్తయ్యా?" అంటే, "రాత్రి పెట్టుకున్నానే. అక్కడ ఆగకపోతే ఎలా?" అన్నారు.

ఆ కాగితం ఇప్పుడు ఆవిడ ట్రంకు పెట్టెలో మామయ్యగారి కళ్లజోడు పక్కన ఉంది.