చిప్‌సెట్ పెద్దదైతే స్పీడు పెరుగుతుందా?

మొదటిసారి పీసీ అసెంబుల్ చేసుకునేవాళ్ళు నన్నడిగేది ఒకటే: "బి650 చాలా, ఇంకాస్త పెట్టి ఎక్స్670 కొననా?" ఇది ఏఎండీ ఏఎం5 బోర్డుల సంగతి.

ఎక్స్670 అంటే కొత్త చిప్పేమీ కాదండీ. బి650లో ఉన్న చిప్పునే రెండు తెచ్చి, ఒకదాని వెనక ఒకటి తగిలించారు. దాంతో యూఎస్‌బీ, సాటా పోర్టులు, ఎం.2 స్లాట్లు పెరుగుతాయి. కానీ రెండు చిప్పులూ సీపీయూని చేరేది ఒకే నాలుగు లేన్ల దారిలో. గ్రాఫిక్స్ కార్డూ, మొదటి ఎస్ఎస్‌డీ అయితే అసలు చిప్‌సెట్ జోలికే పోవు, నేరుగా సీపీయూకే వెళ్తాయి. అందుకే గేమయినా, కంపైలయినా స్పీడులో తేడా ఉండదు.

మా టీములో ఒకబ్బాయి లిస్టు: రైజెన్ 5 7600, ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్ఎస్‌డీలు. ఎం.2 స్లాట్లు రెండున్న బి650 చాలన్నాను. మిగిలిన డబ్బులు ర్యామ్‌లో పెట్టాడు. ఓవర్‌క్లాకింగ్ లేని ఏ620 కూడా ఆ సీపీయూని నడిపేస్తుంది.

పేరు కన్నా చూడాల్సినవి రెండు. ఒకటి, సీపీయూకి కరెంటిచ్చే వీఆర్ఎమ్. చవక బోర్డులో దానిమీద హీట్‌సింక్ కూడా ఉండదు. అందులో 16 కోర్ల సీపీయూ పెట్టి గంటసేపు బిల్డ్ నడిపితే, అది వేడెక్కి క్లాక్ పడిపోతుంది. రెండోది, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. 2022లో తయారైన బోర్డులో 2024లో వచ్చిన రైజెన్ 9000 పెడితే, పాత బయోస్‌కి అదెవరో తెలీదు, స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఆ బటనుంటే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసేయొచ్చు. లేకపోతే పాత సీపీయూ ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చుకోవాల్సిందే!