ఫొటో కింద ఒక్క పేరా

‘సాగర సంగమం’లో ఒక సీనుంది, మీకూ గుర్తుండే ఉంటుంది. ఢిల్లీలో జరగబోయే నాట్యోత్సవం పుస్తకాన్ని మాధవి తెచ్చి బాలు చేతిలో పెడుతుంది. పేజీ తిప్పితే పేరున్న నర్తకి, ఇంకో పేజీ తిప్పితే ఇంకో విద్వాంసుడు. అందరూ పెద్దపెద్దవాళ్ళే. మరో పేజీ తిప్పేసరికి తన ఫొటో! ఆ తర్వాత కమల్ హాసన్ ముఖంలో ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు, మీరు చూసిందే. నాకు మాత్రం ఎప్పుడు చూసినా ఒక పిచ్చి సందేహం వస్తుంది. ఆ ఫొటో కింద ఏం రాసి ఉంటారు? వంటమనిషి కొడుకు, డబ్బుల్లేవు, చేసిన కచేరీలు లేవు. అతని గురించి ఒక పేరా రాయమని ఎవరికో పని అప్పగించి ఉంటారు కదా, ఆ మనిషి ఏ మాటతో మొదలుపెట్టి ఉంటాడు?

ఈ సందేహం ఇప్పుడు మన వైపు చాలామందికి ఎదురవుతోంది. నరసరావుపేటలోనో, ఒంగోల్లోనో, చీరాల్లోనో ఫోనుతో షార్ట్ ఫిలిం తీసిన పిల్లలు దాన్ని ఫిలిం ఫెస్టివల్‌కి పంపుతారు. సినిమా ఎంపికైతే పండగే. ఆ మర్నాడే ఉత్తరం వస్తుంది: దర్శకుడి పరిచయం ఒక్క పేరాలో పంపండి, శైలి, ఇంతకుముందు తీసిన షార్ట్ ఫిలింలు, మళ్ళీ మళ్ళీ వచ్చే ఇతివృత్తాలు అందులో ఉండాలి. సినిమా తీయడానికి పడని అవస్థ ఈ పేరా దగ్గర పడతారు.

ముందు ఆ పేరా ఎవరు చదువుతారో చూద్దాం. ఫెస్టివల్లో ఒకే వేళకి రెండు మూడు హాళ్ళలో సినిమాలు నడుస్తుంటాయి. టీ కప్పు ఒక చేత్తో, కేటలాగు ఇంకో చేత్తో పట్టుకుని ఏ హాల్లోకి వెళ్ళాలా అని చూసే మనిషే మన పాఠకుడు. అతని దగ్గర ఉన్నది ఒక్క నిమిషం. కథాసారం, నటీనటులు, నిడివి అదే పేజీలో పక్కనే అచ్చయి ఉంటాయి. తీసిన సినిమాల జాబితాకి కూడా మామూలుగా వేరే చోటు ఉంటుంది. కాబట్టి అవన్నీ పరిచయంలో మళ్ళీ రాస్తే చోటు దండగ. నూరు మాటలకి అటూ ఇటూగా, ‘నేను’ అనకుండా ‘ఆయన’, ‘ఆమె’ అని వేరొకరు చెబుతున్నట్టు రాయాలి. ‘ఈ సినిమా ఎందుకు తీశానంటే’ అనేది దర్శకుడి మాట. దానికి వేరే గడి ఇస్తారు. రెంటినీ కలిపేస్తే కత్తెర పట్టుకునేది కేటలాగు సంపాదకుడు, అప్పుడు ఏం మిగులుతుందో మన చేతిలో ఉండదు.

సరే, ఆ సీను తీసిన విశ్వనాథ్ గారి మీదే ఒక పేరా రాసి చూద్దాం. ఆయన మన గుంటూరు సీమ మనిషే. రేపల్లె వైపు పెదపులివర్రులో పుట్టారు, గుంటూరు హిందూ కాలేజీలో, ఏసీ కాలేజీలో చదివారు.

మామూలుగా అయితే ఎలా రాస్తారు? ‘తెలుగు సినిమా కీర్తిని ఖండాంతరాలకు చాటిన కళాతపస్వి, సంగీత సాహిత్య నృత్యాల త్రివేణీ సంగమం...’ ఇవి మిరపకాయల్లో తాలు లాంటివి. బస్తా నిండినట్టే కనిపిస్తుంది, కాటా మీద పెడితే బరువు తూగదు. బుసాన్‌లోనో బెర్లిన్‌లోనో హాలు ముందు నిలబడ్డ మనిషికి ఆ విశేషణాలన్నీ చదివాక కూడా తెరమీద ఏం కనిపిస్తుందో తెలియదు. కాబట్టి ముందు వాటిని ఏరేద్దాం.

తర్వాత శైలి. శైలి అంటే ‘కవితాత్మకం’, ‘వాస్తవికం’ లాంటి మాట అనుకుంటాం. అది కాదు, ప్రేక్షకుడు హాల్లో కూర్చుని కంటితో, చెవితో పట్టుకోగలిగింది శైలి. విశ్వనాథ్ గారి దగ్గర అదేమిటి? ‘సిరిసిరిమువ్వ’ నాయిక మూగది, నర్తకి. ‘సిరివెన్నెల’లో వేణువు వాయించేవాడికి చూపు లేదు, బొమ్మలు వేసే అమ్మాయికి మాట లేదు. నోటిమాటని తీసేసి, మువ్వకో వేణువుకో ఆ పని అప్పగించడం ఆయనకి ఇష్టం. కథ మలుపు తిరిగేది కూడా తరచు పాటలోనే. పాట వచ్చినప్పుడు బయటికి వెళ్ళి వస్తే కథ తప్పిపోతాం. ఇదీ శైలి. చూసినవాడు ‘అవును, నిజమే’ అంటాడు. చూడనివాడు ‘ఎలా ఉంటుందో చూద్దాం’ అంటాడు.

ఇక మొదటి షార్ట్ ఫిలింల సంగతి. విశ్వనాథ్ గారి కాలంలో మద్రాసులో ఆ దారి లేదు. మరి ఆ గడి ఖాళీగా వదిలేద్దామా? అక్కర్లేదు. ఫెస్టివల్ వాళ్ళు ఆ ప్రశ్న అడగడంలో ఆంతర్యం ఒకటే: ఈ మనిషి చెయ్యి ఎక్కడ తిరిగింది? ఆయనకి వాహినీ స్టూడియోలో, సౌండు విభాగంలో తిరిగింది. డిగ్రీ అయ్యాక అక్కడ చేరి శబ్దగ్రహణం చేశారు. తర్వాత ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర ‘మూగమనసులు’ లాంటి సినిమాలకి పనిచేసి, ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యారు. చూశారా, సౌండు రికార్డిస్టు అన్న ముక్క ఒక్కటి పడగానే మూగ నాయికా, మాట్లాడే మువ్వా ఊరికే రాలేదని పాఠకుడికి తోస్తుంది. పాత పని గురించి రాస్తే అది ఇప్పటి సినిమాకి తోవ చూపించాలి. చూపించకపోతే అది ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు అవుతుంది.

మూడోది ఇతివృత్తం. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ‘కళ, సంప్రదాయం, మానవ సంబంధాలు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. మానవ సంబంధాలు లేని సినిమా ఎక్కడుంది చెప్పండి? ఇతివృత్తాన్ని ప్రశ్నగా రాయాలి. ‘శంకరాభరణం’ చూడండి: శంకరశాస్త్రి గారి విద్య చివరికి ఎవరికి దక్కింది? లోకం వెలివేసిన తులసి కొడుక్కి. ‘సాగర సంగమం’లో తాగుడికి బానిసైన బాలు, తనమీద మండిపడ్డ అమ్మాయికే నాట్యం నేర్పి వెళ్ళిపోతాడు. ‘స్వర్ణకమలం’లో ఇది తిరగబడుతుంది, కూచిపూడి గురువు కడుపున పుట్టిన మీనాక్షి ఆ విద్య నాకొద్దంటుంది. ఈ మూడూ పక్కపక్కన పెడితే ప్రశ్న దానంతట అదే బయటపడుతుంది: విద్య ఎవరి సొత్తు? పుట్టినవాడిదా, పట్టుకున్నవాడిదా? మరి ‘స్వాతిముత్యం’ ఇందులో ఇముడుతుందా? ఇమడదు. అందుకే ‘ఆయన సినిమాలన్నిటా’ అనకూడదు, ‘కళాకారుల కథల్లో’ అనాలి. హద్దు చెప్పిన మాటని పాఠకుడు నమ్ముతాడు.

రెండు చిన్న చిక్కులు కూడా తేల్చుకుందాం. పెదపులివర్రు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలు మారాయి. ‘అప్పటి గుంటూరు జిల్లా’ అంటే గొడవ వదిలిపోతుంది. ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. దానికొచ్చిన జాతీయ అవార్డులు మాత్రం 1979 సంవత్సరానివి. కొందరు ఒకటి, కొందరు ఇంకోటి వేస్తుంటారు. విడుదల సంవత్సరమే వాడదలిస్తే అన్ని సినిమాలకీ అదే వాడాలి. ఇప్పుడు పేరా:

‘కె. విశ్వనాథ్ (1930–2023) అప్పటి గుంటూరు జిల్లా పెదపులివర్రులో పుట్టారు. మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణం చేసి, ఆదుర్తి సుబ్బారావు దగ్గర పని నేర్చుకుని దర్శకులయ్యారు. మూగ నర్తకి కథ “సిరిసిరిమువ్వ” (1976)లోనే ఆయన పద్ధతి తెలుస్తుంది: మాట ఆగినచోట మువ్వ, వేణువు అందుకుంటాయి, కథ పాటలోనే మలుపు తిరుగుతుంది. ఆయన కళాకారుల కథల్లో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంది: విద్య ఎవరికి చెందాలి? “శంకరాభరణం” (1980)లో అది వెలివేతకు గురైన స్త్రీ కొడుక్కి దక్కుతుంది. “సాగర సంగమం” (1983)లో ఓడిన గురువు నుంచి తనని ద్వేషించిన శిష్యురాలికి చేరుతుంది. “స్వర్ణకమలం” (1988)లో వారసురాలే వద్దంటుంది. 2016 దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.’

అవార్డు ఒక్కటే, అదీ చివర్న. మిగతావి జాబితాలో చూసుకుంటారు.

పేరా నిలబడిందో లేదో ఎలా తెలుస్తుంది? పేరు కొట్టేసి పక్క జిల్లా దర్శకుడి పేరు పెట్టి చూడండి. ‘సాగర సంగమం’ వచ్చిన 1983లోనే ప్రకాశం జిల్లా టి. కృష్ణ ‘నేటి భారతం’ తీశారు. ‘సమాజాన్ని కదిలించిన గొప్ప దర్శకుడు, విలువలున్న సినిమాలు’ అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది, అంటే ఇద్దరి గురించీ ఏమీ చెప్పనట్టే. కృష్ణ గారి చెయ్యి తిరిగింది ఒంగోలు ప్రాంతపు ప్రజానాట్యమండలి వేదికల మీద. అందుకే ఆయన పాత్రలు జనానికి ఎదురుగా నిలబడి మాట్లాడతాయి. ‘ప్రతిఘటన’ లెక్చరర్ మాటని మువ్వకి అప్పగించదు. తానే మాట్లాడుతుంది, చివరికి గొడ్డలి పడుతుంది. 1986లో పోయేలోపు మూడేళ్ళలోనే ఆయన సినిమాలన్నీ వచ్చేశాయి. ఆ పేరా వేరు, ఈ పేరా వేరు. మారిస్తే అతకదు.

ఇప్పటివాళ్ళకి షార్ట్ ఫిలింల గడి నిజంగానే నిండుతుంది. కొలకలూరు కుర్రాడు గుంటూరులో హోటలు పెట్టాలని తంటాలు పడే ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020) తీసిన వినోద్ అనంతోజు కూడా షార్ట్ ఫిలింల నుంచి వచ్చినవాడే. మీరూ ఆ దారిలో ఉన్నారనుకుందాం. కల్లంలో మిరపకాయలకి రాత్రి కాపలా కాసే ముసలాయన మీద 12 నిమిషాలది, పత్తి తీసి ఆటోలో ఇంటికొచ్చే కూలీ ఆడవాళ్ళ మీద 9 నిమిషాలది, ఇంకా పెళ్ళి వీడియో ఒకటి, కాలేజీ పోటీకి తీసిన ప్రకటన ఒకటి ఉన్నాయి. నాలుగూ రాయొద్దు. మొదటి రెండే రాయండి. పేరు, సంవత్సరం, నిమిషాలు, కథ ఒక్క ముక్కలో. రెంటిలోనూ నేపథ్య సంగీతం లేకపోతే అదే మీ శైలి, ఆ సంగతి చెప్పండి. ‘పంట తమది కాకపోయినా పంట కోసం మేలుకునే మనుషులు’ అని ఒక్క వాక్యం చేరిస్తే ఇతివృత్తమూ వచ్చేసింది. తీసింది ఒక్కటే అయితే ‘తరచూ కనిపించే ఇతివృత్తాలు’ అని మాత్రం రాయకండి. ఒక్కసారి కనిపించినదాన్ని తరచూ అంటే నవ్వుతారు.

రాసిన పేరాని ఇంట్లోవాళ్ళకి చూపించకండి, బాగుందనే అంటారు. మీ సినిమా చూడని మనిషికి ఇచ్చి, చదివాక తెరమీద ఏం కనిపిస్తుందనుకుంటున్నారో చెప్పమనండి. సరిగ్గా చెప్పగలిగితే పంపేయండి. చెప్పలేకపోతే ఇంకోసారి రాయండి, గడువుకి ఇంకా టైముంటుంది.