కెపాసిటీ ఉంది, కానీ తీసుకోదట!

మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోన్. మా ఆర్డర్ల నమోదు ఆగి ఆగి నడుస్తోంది. లాగ్ నిండా ఇదే:

```
ProvisionedThroughputExceededException
```

డైనమోడీబీ టేబుల్‌కి సెకనుకి 4000 రైట్ యూనిట్లు కొని పెట్టాం. గ్రాఫ్‌లో వాడకం వెయ్యి దగ్గరే ఆగిపోయింది. మూడొంతులు ఖాళీ, అయినా ఎర్రర్లు! "ఆన్-డిమాండ్‌కి మార్చేయవయ్యా" అన్నారు మేనేజర్ గారు. మార్చాను. ఏం తేడా లేదు. రీట్రైలు అయిపోయిన ఆర్డర్లు పోతూనే ఉన్నాయి.

తప్పు నాదేనండీ. పార్టిషన్ కీగా తేదీ, సార్ట్ కీగా టైము పెట్టింది నేనే. అంటే ఈరోజు ఆర్డర్లన్నీ ఒక్క పార్టిషన్ మీదే పడతాయి. ఏ మోడ్‌లో ఉన్నా ఒక పార్టిషన్ సెకనుకి 1000 రైట్ యూనిట్లే తీసుకుంటుంది (1 కేబీ లోపు రైట్‌కి ఒక యూనిట్). పది కౌంటర్లు తెరిచి జనాన్నంతా ఒకే క్యూలో నిలబెట్టినట్టన్నమాట. వేడెక్కిన పార్టిషన్‌ని డైనమోడీబీ తనే చీల్చగలదు. కానీ టైము పెరుగుతూనే పోతుంది కదా, కొత్త రైట్లన్నీ మళ్ళీ చివరి ముక్కకే వెళ్తాయి.

కాంట్రిబ్యూటర్ ఇన్‌సైట్స్ ఆన్ చేసి చూస్తే థ్రాటిల్ అవుతున్నది ఒకే ఒక్క కీ, ఆ రోజు తేదీ! ఆర్డర్ నంబర్ హ్యాష్‌ని పదితో భాగించి, వచ్చిన శేషాన్ని తేదీకి తగిలించా:

```
2025-03-14#7
```

ఎర్రర్లు ఆగాయి. ఊరికే కాదు లెండి, రోజు రిపోర్టుకి ఇప్పుడు పది క్వెరీలు వేసి కలుపుకోవాలి. పోయిన ఆర్డర్లంటారా? తెల్లారేదాకా లాగుల్లోంచి ఏరి ఒక్కొక్కటీ ఎక్కించాను.