బీప్ వినపడితే బోర్డు బతికినట్టే

మండల కేంద్రం నుంచి ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర ఆ షాపు ఉంది. జిరాక్స్, రీఛార్జి, సెల్‌ఫోన్ రిపేర్లు అన్నీ ఒకే గదిలో నడుస్తాయి. నేను వెళ్లేసరికి రైసుమిల్లు గుమాస్తా ఒకాయన సీపీయూను గోనెసంచిలో చుట్టి, మోపెడ్ మీద తెచ్చి బల్ల మీద దించాడు. ధర్మకాటా దగ్గర బిల్లులు కొట్టే కంప్యూటర్ అది. ‘‘పట్నంలో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారన్నా’’ అన్నాడు. గంట తిరక్కముందే అదే బోర్డుతో కంప్యూటర్ నడిచింది. షాపాయన చేసిందల్లా వదులైన ర్యామ్‌ను తీసి మళ్లీ గట్టిగా బిగించడమేనని చూసినవాళ్లెవరైనా అంటారు. ఆ పనికి పట్టింది అర నిమిషం. మరమ్మతు మాత్రం మిగతా సమయంలో జరిగిందని నా అభిప్రాయం.

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద మాత్రం `No Signal` అని వస్తోంది. అంటే మానిటర్‌కు కరెంటు అందుతోంది, సీపీయూ నుంచి బొమ్మే రావడం లేదు. ఈ లక్షణానికి కారణాలు చాలా ఉంటాయి: ఎస్ఎంపీఎస్, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఏదైనా కావచ్చు. షాపాయన వైరు పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి ఉంచి, లోపల మిగిలిన కరెంటు పోనిచ్చాడు. కేబినెట్ ఇనుమును చేత్తో తాకాక గానీ లోపల చెయ్యి పెట్టలేదు. ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులోకి దూకకుండా ఆ జాగ్రత్త. డబ్బాలోంచి వేలెడంత స్పీకర్ తీసి బోర్డు పిన్నులకు తగిలించాడు. ర్యామ్ ఉండగా స్విచ్ వేస్తే చప్పుడు లేదు. దాన్ని పూర్తిగా తీసేసి వేస్తే ఆగి ఆగి బీప్ మోగసాగింది. ‘‘ర్యామ్ లేదని అడుగుతోంది చూడండి. అడిగే ఓపిక ఉందంటే బోర్డు బతికే ఉంది’’ అన్నాడు. తెర మీద బొమ్మ రాకముందే కంప్యూటర్ మెమరీని వెతుక్కుంటుంది. దొరకలేదని మొరపెట్టుకోవాలంటే ప్రాసెసర్, బోర్డులోని తొలి ప్రోగ్రామ్ రెండూ నడవాలి. బోర్డు పోయిందన్న మాట అక్కడే వీగిపోయింది. ర్యామ్ తీసినా బీప్ రాకపోతే మాత్రం ఇక ర్యామ్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, ఎస్ఎంపీఎస్ వైపో ప్రాసెసర్ వైపో బోర్డు వైపో చూడాలి.

గుమాస్తా మొహం తేటపడినా షాపాయన పాత ర్యామ్‌ను వెంటనే పెట్టలేదు. షాపులో ఉన్న మంచి ర్యామ్‌ను అదే స్లాట్‌లో పెట్టి చూశాడు, బొమ్మ వచ్చింది. స్లాట్ బాగుంది కాబట్టి తప్పు ర్యామ్‌దో, అది కూర్చున్న తీరుదో. పాతదాన్ని ట్యూబ్‌లైటు కింద తిప్పి చూపించాడు. అది డీడీఆర్3 రకం, అంచున రెండు వైపులా కలిపి 240 బంగారు పూత పట్టీలు. ఒక కొసన తవుడు దుమ్ము సన్నని పొరలా పట్టింది. తీసేటప్పుడు ఆ కొసన ఉన్న క్లిప్పు పూర్తిగా మూసుకొని లేకపోవడం కూడా ఆయన గమనించాడు. లారీలు ఎక్కి దిగే కాటా పక్కన అదురు ఎప్పుడూ ఉంటుంది, వేడెక్కి చల్లారడం రోజూ ఉంటుంది. సరిగ్గా పడని క్లిప్పు అక్కడ మెల్లగా జారిపోవడంలో వింత లేదు. సెల్‌ఫోన్ బోర్డులు తుడిచే ఐపీఏలో గుడ్డ తడిపి పట్టీలు తుడిచాడు, ఆరనిచ్చాడు, బ్రష్‌తో స్లాట్ దులిపాడు. ర్యామ్ నొక్కును స్లాట్‌లోని గట్టుతో సరిచూసుకొని, రెండు బొటనవేళ్లతో రెండు కొసలూ సమానంగా అదిమాడు. టక్, టక్ అని రెండు క్లిప్పులూ పడ్డాయి. బొమ్మ వచ్చింది.

పెన్సిల్ రబ్బరుతో రుద్దితే అయిపోయేదానికి ఇంత తతంగమెందుకని అడగవచ్చు. ఆ బంగారు పూత మందం మైక్రాన్‌కన్నా తక్కువ. గరుకు రబ్బరు మురికితో పాటు పూతనూ గీకుతుంది, పొడిని స్లాట్‌లో వదులుతుంది. తీసి పెడితే నడవడం కాకతాళీయం, మళ్లీ ఆగిపోతుందన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. నిజమే, చిప్పులోనే లోపముంటే ఒక్కోసారి బొమ్మ వచ్చి తర్వాత మొరాయిస్తుంది. అందుకే ఆయన బొమ్మ రాగానే మూత బిగించలేదు. విండోస్‌లో `mdsched.exe` నడిపి, మెమరీ పరీక్ష చివరిదాకా తప్పు లేకుండా సాగేవరకు ఆగాడు. ఆ తర్వాత రెండుసార్లు పూర్తిగా ఆపి మళ్లీ వేశాడు. ఈ పరీక్ష కూడా నూటికి నూరుపాళ్ల హామీ కాదు. అయినా మంచి ర్యామ్‌తో నడిచిన స్లాట్, బిగించాక పరీక్ష నెగ్గిన పాత ర్యామ్ రెండూ కలిసి ఒకే వైపు చూపిస్తున్నాయి: చెడింది ఏ భాగమూ కాదు, వాటి మధ్య పట్టు.

వంద రూపాయలు తీసుకొని, కేబినెట్ లోపలి రేకు మీద మార్కర్‌తో తేదీ, స్లాట్ నంబరు రాశాడు. ‘‘మళ్లీ ఆగితే పక్క స్లాట్‌లో వేసి చూద్దాం తమ్ముడూ. అక్కడా ఆగితే ర్యామ్ మార్చేద్దాం. అందాకా దీన్ని కాటా బల్ల మీద పెట్టకు, గోడ వైపు జరుపు’’ అన్నాడు. గుమాస్తా ఈసారి సంచిలో పాత దుప్పటి మడత వేసి, దాని మీద సీపీయూను పడుకోబెట్టాడు.