సారీ అంటే సరే

జూమ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో మన తెలుగు ఏ గతి పడుతుందో మీరు చూసే ఉంటారు. భాష ఇంగ్లిష్ అని సెట్ చేసి ఉంటే, మనం తెలుగులో ఏం మాట్లాడినా అది ఏదో ఒక ఇంగ్లిష్ పదంగా మార్చేస్తుంది. దాంతో చాలామంది ఆ ఫైల్‌ని తెరవకుండానే వదిలేస్తారు. కానీ అందులో మాటలు పాడైనా రెండు విషయాలు చాలావరకు బాగానే ఉంటాయి. ఏ అకౌంట్ నుంచి మాట వచ్చింది, ఎప్పుడు వచ్చింది. మొన్న మా ఫెస్ట్ గొడవ తేలింది ఆ రెండింటితోనే.

గొడవ ఏంటంటే, మా ట్రెజరర్ ఫస్టియర్ జూనియర్. కోడింగ్ కాంటెస్ట్‌కి టీమ్‌కి 150 రూపాయల చొప్పున 22 టీమ్‌ల దగ్గర వసూలు చేసింది. కన్వీనర్ అన్న మాత్రం గ్రూప్‌లో అందరి ముందూ "మీటింగ్‌లో 100 అని డిసైడ్ చేశాం కదా, ఎవరినడిగి పెంచావ్?" అన్నాడు. తేడా 1100 రూపాయలే. అయినా డబ్బు విషయంలో ఒక్కసారి మాట పడితే ఆ పిల్ల నాలుగేళ్లూ మోయాలి. రికార్డింగ్ లింక్ నా దగ్గర ఉంది కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ ఫైల్ దించాను. అది .vtt ఫైల్, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది.

ముందు ఫీజు మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతకాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఊరికే 150 అని వెతికితే టైమ్‌స్టాంప్‌లోని మిల్లీసెకన్లు కూడా దొరుకుతాయి. మాట ఉన్న లైన్‌లో పేరు తర్వాత కోలన్, దాని పక్కన ఖాళీ ఉంటాయి. టైమ్ లైన్‌లో కోలన్ పక్కన ఖాళీ ఉండదు. అందుకని ఇలా:

```
grep -i -B1 -A4 -E ": .*(fee|100|150)" meeting.vtt
```

-B1 పైనున్న టైమ్‌ని చూపిస్తుంది, -A4 తర్వాత మాట్లాడినవాళ్ల లైన్ దాకా తెస్తుంది. (టీమ్స్ ఫైల్‌లో పేరు `<v పేరు>` అనే ట్యాగ్‌లో ఉంటుంది, అక్కడ ఈ ప్యాటర్న్ మార్చుకోవాలి.) దొరికింది ఇది:

```
00:31:08.140 --> 00:31:11.900
Redmi Note 10: Then 150 per team, final.

213
00:31:12.050 --> 00:31:12.900
CSE Lab: Sorry.
```

Redmi Note 10 అంటే మా ట్రెజరరే, వాళ్లమ్మ ఫోన్‌లోంచి జాయిన్ అయింది. ఇక ఆ "Sorry" సంగతి. ఆమె మాట అయిపోయిన 0.15 సెకన్లకే అవతలి లేబుల్ నుంచి ఒక్క ముక్క వచ్చింది. అక్కడ క్షమాపణ చెప్పాల్సిన పనేం లేదు. అది "సరే" అయ్యుండాలి అనుకున్నాను.

కానీ లేబుల్ ఇంతకంటే సాయం చెయ్యదు. CSE Lab అనేది ఒక్క ల్యాప్‌టాప్, దాని ముందు ముగ్గురు కూర్చున్నారు. జూమ్‌కి ఆ ముగ్గురూ ఒక్కరే. అందుకే రికార్డింగ్‌ని 31 నిమిషాల దగ్గర పెట్టి విన్నాను. "సరే" అన్నది కన్వీనర్ అన్న గొంతే. 47 నిమిషాల మీటింగ్‌లో నేను వినాల్సి వచ్చింది పట్టుమని పది సెకన్లు.

అలాగని అన్న అబద్ధం ఆడాడని కాదు. "ఆరుంపావుకి నేను 100 అన్నాను" అని గట్టిగా చెప్పాడు. ఫైల్‌లో టైమ్ గడియారం ప్రకారం ఉండదు, రికార్డింగ్ మొదలైన క్షణం నుంచి లెక్క. మాది 6:04కి మొదలైంది, అంటే 11వ నిమిషం చుట్టూ చూడాలి. అక్కడ 100 అనే అంకె లేదు. CSE Lab లేబుల్ లైన్లు మాత్రమే చదువుకుంటూ పోతే 12:20 దగ్గర "Wonder" అని ఒకటి కనిపించింది. వింటే "వంద పెడదాం". నిజంగానే అన్నాడు! కాకపోతే దాని తర్వాత తొమ్మిది సెకన్లు ఎవ్వరూ ఏమీ అనలేదు. ఆ తర్వాతి లైన్ వేరే లేబుల్‌ది, మైక్ వినపడట్లేదని. అది ప్రపోజల్‌గానే ఆగిపోయింది. అన్నకి తను అన్నది గుర్తుంది, ఎవరూ ఒప్పుకోలేదన్నది గుర్తులేదు.

31:12 తర్వాత ఎవరైనా మళ్లీ మార్చారా అన్నది కూడా చూడాలి, లేకపోతే పని సగమే. 44:26 దగ్గర ఒక 100 దొరికింది. గుండె ఆగినంత పనైంది. తీరా వింటే అది సర్టిఫికెట్ల సంఖ్య.

గ్రూప్‌లో ఒకే లైన్ పెట్టాను: "ఫీజు 150. అడిగింది ట్రెజరర్ 31:08, ఒప్పుకున్నది కన్వీనర్ 31:12, తర్వాత మార్పు లేదు." పక్కనే రికార్డింగ్ లింక్. అన్న విన్నట్టున్నాడు, పావుగంటకి "ఓకే రా, నాదే పొరపాటు, సారీ అమ్మా" అని పెట్టాడు. కింద ట్రెజరర్ రిప్లై: "అన్నా, ఇది సారీయేనా, సరేనా?"

ఇప్పుడు మీటింగ్ మొదలవగానే ల్యాబ్‌లో వాళ్లని ఎవరి ఫోన్‌లోంచి వాళ్లు, సొంత పేరుతో జాయిన్ అవ్వమంటున్నాం. పక్కపక్కన కూర్చుంటే మైక్‌లు ఒకటే కీచుమంటున్నాయి, దానికింకా మందు దొరకలేదు.