పెళ్లి శుభలేఖ ఫ్రెంచిలో రాయించినప్పుడు తెలిసిన సంగతులు

ఈ రోజు పంట సంగతి కాదండి, పెళ్లి శుభలేఖ సంగతి. మన పిల్లలు చాలామంది బయట దేశాల్లో ఉన్నారు, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మా అన్నయ్య కూతురు ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తోంది. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నాం. తనతో పనిచేసే ఆరుగురు వస్తామన్నారు, రాలేని వాళ్లు ఫోనులో లైవు చూస్తామన్నారు. వాళ్ల కోసం శుభలేఖ ఫ్రెంచిలో రాయించాల్సి వచ్చింది. యానాం మాకు దగ్గరే. 1954 దాకా అక్కడ ఫ్రెంచి వాళ్ల పాలన ఉండేది కాబట్టి ఆ భాష వచ్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రిటైరైన ఒక మాస్టారి దగ్గరికి కార్డు పట్టుకెళ్లాను.

ఆయన దేవుడి పేర్లు, తాతల పేర్లు అన్నీ వదిలేసి ముందు ముహూర్తం దగ్గరే వేలు పెట్టారు. కార్డులో "బుధవారం రాత్రి 2 గం. 47 ని.లకు (తెల్లవారితే గురువారం)" అని ఉంది. మనకి ఇందులో అనుమానం రాదు. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా ఉంటుంది. వాళ్లకి రాత్రి 12 దాటగానే వారం మారిపోతుంది.

"బుధవారం 2 గం. 47 ని. అని ఉన్నదున్నట్టు రాశాననుకోండి, వాళ్లు మంగళవారం రాత్రే వచ్చి కూర్చుంటారండి. పోనీ గురువారం అని రాస్తే ఇంకో చిక్కు. అక్కడ పెళ్లిళ్లు పగలే చేస్తారు. తెల్లవారుజామున పెళ్లేమిటి, 14 గంటల 47 అని పడాల్సింది తప్పు పడిందేమో అనుకుని మధ్యాహ్నం వస్తారు. అప్పటికి మీరు అప్పగింతలు కూడా చేసేస్తారు" అన్నారు మాస్టారు.

మరి దారేమిటంటే, మన "తెల్లవారితే" లాంటి మాట వాళ్లకీ ఉందట. "దాఁ లా న్యుయీ ద్యు మెర్క్రెది ఓ జెది" అంటారట. బుధవారం నుంచి గురువారంలోకి వెళ్లే రాత్రిలో అని అర్థం. అలా రాసి, పక్కన "బుధవారం రాత్రికి హోటల్ గది తీసుకోండి" అని కూడా చేర్చారు. ఏ రాత్రికి గది తీసుకున్నారో అడిగితే, వాళ్లకి సరిగ్గా అర్థమైందో లేదో మనకీ తెలిసిపోతుంది.

లైవు చూసేవాళ్లకి వేరే చీటీ రాశారు. ఎండాకాలపు టైములో ఫ్రాన్సు మనకంటే మూడున్నర గంటలు వెనక. మన 2 గం. 47 ని. వాళ్లకి బుధవారం రాత్రి 11 గం. 17 ని. అవుతుంది. అంటే వచ్చినవాళ్ల ఫోనులో గురువారం, అక్కడే ఉండి చూసేవాళ్లకి బుధవారం! ఇదే పెళ్లి మాఘమాసంలో అయితే తేడా నాలుగున్నర గంటలు. అప్పుడు 10 గం. 17 ని. అని రాయాలి.

తరవాత సంగతి, ఆ టైముకి ఏం జరుగుతుందనేది. వాళ్ల లెక్కలో కార్డులో వేసిన టైముకి పెళ్లి మొదలవుతుంది. మనకి సుముహూర్తం అంటే అడ్డుతెర తీసి జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం. గౌరీపూజ, కన్యాదానం అంతకుముందే అయిపోతాయి, మంగళసూత్రం, తలంబ్రాలు ఆ తరవాత. అందుకని "రాత్రి 12 గంటలకల్లా మండపం దగ్గర ఉండండి, 2 గం. 47 ని.లకు జీలకర్ర బెల్లం" అని రెండు టైములు విడిగా రాశారు. జీలకర్రకి వాళ్ల దగ్గర మాట ఉంది. బెల్లానికి సరైన మాట దొరక్క, చెరకు రసం కాచి చేసిన, శుద్ధి చేయని చక్కెర అని రాశారు. ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు పెట్టుకుంటారని కూడా రాయించాను, లేకపోతే తినడానికి అనుకుంటారు.

భోజనాల సంగతి నేనే గుర్తు చేశాను. అక్కడ పెళ్లి అయ్యాకే విందు. మనవాళ్లు రాత్రి ఏడున్నరకే పంక్తి వేసేస్తారు. చెప్పకపోతే ముహూర్తం అయ్యాక తిందామని ఆకలితో కూర్చుంటారు. "భోజనం ముందే, బుధవారం రాత్రి 7 గం. 30 ని. నుంచి" అని వేయించాం.

చివరికి "బంధుమిత్ర సపరివార సమేతంగా" దగ్గర మాస్టారు నవ్వారు. అక్కడ కార్డులో ఎవరి పేరుంటే వాళ్లే వస్తారట, వస్తున్నదీ లేనిదీ ముందే చెప్పాలట. అందుకని ఆ ముక్క తీసేసి ఆరుగురి పేర్లూ రాశారు, ఎప్పటిలోగా చెప్పాలో తేదీ వేశారు.

మాస్టారు డబ్బులు తీసుకోలేదు. "నన్నూ సపరివార సమేతంగా పిలవండి చాలు" అన్నారు. పిలిచాం.